చెదల మందుకు లీటర్ల లెక్క

ఇల్లు కట్టుకునేవాళ్ల చేతికొచ్చే కొటేషన్లన్నిటిలోకీ చిన్నది చెదల మందుది. సిమెంటుకు, ఇనుముకు, ఇటుకకు పేజీలకు పేజీలు లెక్కలుంటాయి. చెదల మందు దగ్గరికొచ్చేసరికి ఒకటే వరుస: ప్లింత్ ఏరియా ఇన్ని చదరపు అడుగులు, అడుగుకు ఇన్ని రూపాయలు, ఇన్నేళ్ల గ్యారంటీ. కాస్త పద్ధతిగా రాసేవాళ్లయితే కింద ‘చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున’ అని కూడా చేరుస్తారు. చదివినవాళ్లకు అంతా సరిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ డబ్బు పెట్టేవాడికి తెలియాల్సిన అంకె ఆ వరుసలో లేదు. మొత్తం ఎన్ని లీటర్ల మందు నీళ్లు మట్టిలోకి దిగుతాయి, అందులో ఎన్ని లీటర్లు ఏ చోట పోస్తారు అన్నదే ఆ అంకె. ఇంటి ప్లాను చేతిలో ఉంటే దాన్ని ముందుగానే కట్టుకోవచ్చు. ఆ లెక్క కట్టి చూస్తే, ప్లింత్ ఏరియాను 5తో హెచ్చవేసి వచ్చిన మొత్తమే పని అనుకోవడం ఎంత పొరపాటో బయటపడుతుంది. మామూలు ఇంటికి కావలసిన దాంట్లో అది సగం కూడా కాదు.

ముందు ఈ 5 లీటర్లు అంటే ఎంతో చూద్దాం. చదరపు మీటరు మీద 5 లీటర్లు పోస్తే 5 మిల్లీమీటర్ల మందాన నీరు నిలుస్తుంది. మన కొలతల్లో చదరపు అడుగుకు దాదాపు 465 మిల్లీలీటర్లు, గజానికి నాలుగు లీటర్ల పైచిలుకు. పది అడుగులకు పది అడుగుల గదికి 46 లీటర్లు దాటుతుంది. పొలంలో వీపున తగిలించుకునే 16 లీటర్ల స్ప్రేయరుతో కొడితే ఆ ఒక్క గదికే మూడు ట్యాంకులు. పంటకు పురుగు మందు కొట్టేటప్పుడు ఎకరాకు 200 లీటర్ల ద్రావణం అని చెప్పడం మన రైతులకు కొత్త కాదు. ఎకరం నాలుగు వేల చదరపు మీటర్ల పైమాటే కాబట్టి చదరపు మీటరుకు పడేది 50 మిల్లీలీటర్లే. చెదల మందు దానికి వంద రెట్లు. ఆకు తడిస్తే చాలన్న అలవాటుతో, అదే స్ప్రేయరు వీపున వేసుకుని, అదే నడకతో బేస్‌మెంట్ పూడిక మీద తిరిగిపోతే మట్టి రంగు మారుతుంది, వాసన వస్తుంది, యజమానికి పని జరిగినట్టు కనిపిస్తుంది. మట్టిలోకి దిగింది మాత్రం దిగాల్సిన దాంట్లో చిన్న వంతే. ఈ పనిలో ఎక్కువగా జరిగే లోపం ఇదే. మందు నకిలీది కానక్కర్లేదు, కలిపే పాళ్లు తప్పనక్కర్లేదు. పోసింది తక్కువైతే చాలు.

ఎందుకంత నీరు? మన నేలల్లో ఇళ్లకు ముప్పు తెచ్చే చెదలు భూమిలో నుంచి వచ్చేవి. వాటికి తేమ కావాలి, మట్టితో సంబంధం తెగకూడదు. గోడకు, గచ్చుకు మధ్య మిల్లీమీటరు సందు దొరికినా మట్టితో దారి కట్టుకుని పైకొస్తాయి. కాబట్టి ఇంటి కింద, చుట్టూ మందు పట్టిన మట్టి పొర ఎక్కడా తెగకుండా ఉండాలన్నది ఈ చికిత్సలో ప్రధానం. ఆ పొరకు మందం ఇచ్చేది మందు కాదు, నీరు. క్లోర్‌పైరిఫాస్ లాంటి మందు నీటిలో కరిగేది చాలా తక్కువ, మట్టి రేణువులను గట్టిగా పట్టుకుంటుంది. పోసిన రోజు నీరు ఎంత లోతుకు మోసుకెళ్తే అక్కడే ఉండిపోతుంది. తర్వాత దానంతట అది కిందికి దిగదు, పక్కకు పాకదు. దిమ్మిస వేసిన మొరం పూడికలో, తేమ పోను ఖాళీగా మిగిలిన సందులు నూటికి పది నుంచి ఇరవై పాళ్లు అనుకుంటే, 5 మిల్లీమీటర్ల నీరు రెండున్నర నుంచి 5 సెంటీమీటర్ల లోతు వరకు తడుపుతుంది. రెండు మూడు వేళ్ల మందం అన్నమాట. ఆ నీటిని సగం చేస్తే పొర సగం అవుతుంది. ఎత్తుపల్లాలున్న పూడిక మీద సగం పొర అంటే అక్కడక్కడా అసలు పొరే లేదని అర్థం.

నీటి పరిమాణం మందు బలాన్ని బట్టి మారేది కాదనడానికి మన ప్రమాణాలే సాక్ష్యం. ఇల్లు కట్టకముందు చేసే చెదల చికిత్సకు భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 రెండో భాగం. పాత కూర్పుల్లో ఆల్డ్రిన్, హెప్టాక్లోర్, క్లోర్డేన్ ఉండేవి. అవి తర్వాత నిషేధంలోకి వెళ్లాయి. 2013 నాటి కూర్పులో క్లోర్‌పైరిఫాస్ 1 శాతం, బైఫెంత్రిన్ 0.05 శాతం, ఇమిడాక్లోప్రిడ్ 0.075 శాతం ద్రావణాలు ఉన్నాయి. ఇక లెక్క చూడండి. చదరపు మీటరుకు 5 లీటర్లు పోసినప్పుడు క్లోర్‌పైరిఫాస్ అయితే అసలు మందు 50 గ్రాములు పడుతుంది. ఇమిడాక్లోప్రిడ్ అయితే పడేది 3.75 గ్రాములే. మందు పదమూడు వంతుల్లో ఒక వంతుకు పడిపోయినా 5 లీటర్లు 5 లీటర్లుగానే ఉన్నాయి. మందులు మారాయి, వాటి బలం మారింది, నీటి కొలత మాత్రం కదలలేదు. ఆ కొలత చెదపురుగును చంపడానికి ఎంత విషం కావాలన్న ప్రశ్నకు జవాబైతే మందుతో పాటే మారి ఉండేది. మట్టిని ఎంత లోతుకు తడపాలన్న ప్రశ్నకు జవాబు కాబట్టే నిలిచింది. ‘మాది కొత్త రకం మందు సార్, కొంచెం కొట్టినా చాలు’ అనేవాళ్ల మాట నిలవనిది ఇక్కడే. కొత్త మందు వల్ల తగ్గేది డబ్బాలో నుంచి ఒంపే మందే, పోయాల్సిన నీళ్లు కావు.

మరి ప్లింత్ ఏరియా అన్నది ఈ పనిలోకి ఎలా వచ్చింది? దీనికి మూలం ప్రభుత్వ పనుల కొలత పద్ధతిలో ఉంది. కేంద్ర ప్రజా పనుల శాఖ ధరల పట్టికలో చెదల చికిత్స ఐటమ్ చదివితే పని జాబితా చాలా పొడుగ్గా ఉంటుంది: కాలమ్ గుంతలు, గోడల ట్రెంచీలు, పూడిక పైభాగం, గోడకు గచ్చుకు మధ్య మూల, ఇంటి చుట్టుకొలత, ఏప్రన్ కింది మట్టి, పైపుల చుట్టుపక్కల. ఇవన్నీ చేయాలి. బిల్లు రాసేటప్పుడు మాత్రం కింది అంతస్తు ప్లింత్ ఏరియాను ఒక్కదాన్నే కొలవాలి. ఇందులో తప్పేమీ లేదు. పది చోట్ల పోసిన మందును పది రకాలుగా కొలిచి బిల్లు రాయడం కష్టం కనుక, అన్నిటి ఖర్చునూ ఒక్క విస్తీర్ణం మీద సర్ది రేటు కట్టారు. ప్రైవేటు ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి పొడవాటి జాబితా జారిపోయింది, చదరపు అడుగు రేటు మాత్రం మిగిలింది. డబ్బు చెల్లించడానికి పెట్టుకున్న కొలత మందు పోయడానికి కొలతగా మారిపోయింది. ‘ప్లింత్ ఏరియా ఇంత, మీటరుకు 5 లీటర్లు, ఇదిగో మొత్తం’ అన్న లెక్క ఈ గందరగోళంలో నుంచి పుట్టినదే.

ఒక ఇంటిని తీసుకుని ఈ రెండు లెక్కల తేడా చూద్దాం. పొడవు 12 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు, అంటే 108 చదరపు మీటర్ల ప్లింత్ ఏరియా. అడుగుల్లో 1,160 పైచిలుకు. మన పట్టణాల్లో రెండు వందల గజాల స్థలంలో కనిపించే ఇల్లే. పన్నెండు కాలమ్‌లు, 23 సెంటీమీటర్ల గోడలు, లోపలి అడ్డగోడలు కలిపితే 24 మీటర్ల పొడవు, నేల మీద నుంచి బేస్‌మెంట్ ఎత్తు రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్లు. కొటేషన్ లెక్క ప్రకారం 108ని 5తో హెచ్చవేస్తే 540 లీటర్లు.

పూడిక పైభాగంతో మొదలుపెడదాం. ప్లింత్ ఏరియాలో గోడల మందం కూడా కలిసి ఉంటుంది, మందు మాత్రం గోడల మధ్య ఉన్న మట్టి మీదే పోస్తాం. గోడలు ఆక్రమించే 15 చదరపు మీటర్లు తీసేస్తే మిగిలేది 93. దానికి 465 లీటర్లు. అంటే ఈ ఒక్క దశకే చూస్తే కొటేషన్ వాడి 540 లీటర్లు కాస్త ఎక్కువే. ‘మేం ఉదారంగానే పోస్తున్నాం’ అని వాళ్లు చెప్పగలిగేది అందుకే. ఇసుక గానీ, పీసీసీ గానీ పరచకముందే ఇది పూర్తి కావాలి. మట్టి బాగా గట్టిపడి మందు ఇంకకపోతే 12 మిల్లీమీటర్ల ఇనుప రాడ్డుతో అటూ ఇటూ 15 సెంటీమీటర్లకొకటి చొప్పున 5 నుంచి 7.5 సెంటీమీటర్ల లోతు గుంతలు పొడిచి పోయాలని ప్రమాణమే చెబుతుంది.

రెండో దశ గోడ, గచ్చు కలిసే మూల. నా లెక్కలో ఈ పని మొత్తానికి ప్రాణం ఇక్కడుంది. పూడిక నానాటికీ కాస్త కుంగుతుంది, గోడ కుంగదు. రెండిటి మధ్య సన్నని సందు పడుతుంది. చెదలు వచ్చే దారి అదే. అందుకే గోడ వెంబడి 3 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు కాలువ తీసి, అందులో 15 సెంటీమీటర్లకొకటిగా రాడ్డును నేల మట్టం దాకా దించి, ముందుకూ వెనక్కూ ఆడించి మట్టిని వదులు చేసి, అప్పుడు మందు పోయాలి. ఇక్కడ కొలత మారుతుంది. గచ్చు విస్తీర్ణానికి కాదు, మట్టికి ఆనుకుని ఉన్న గోడ నిలువు ముఖానికి, చదరపు మీటరుకు 7.5 లీటర్లు. మన ఇంట్లో బయటి గోడల లోపలి ముఖం 40 మీటర్లు, అడ్డగోడలకు రెండు ముఖాలు కాబట్టి 48 మీటర్లు, మొత్తం 88 మీటర్లు. ఎత్తు 60 సెంటీమీటర్లు కాబట్టి నిలువు విస్తీర్ణం 52.8 చదరపు మీటర్లు. దానికి 396 లీటర్లు. గచ్చు మొత్తానికి పోసిన దానికి అటూ ఇటూగా సమానం! గోడ వెంబడి దాదాపు 590 గుంతలు పడతాయి, ఒక్కో గుంతలో ముప్పావు లీటరుకు కాస్త తక్కువ దిగాలి. ప్లింత్ ఏరియా లెక్కలో ఈ 396 లీటర్లకు చోటే లేదు. బేస్‌మెంట్ మూడడుగులు ఎత్తితే ఈ అంకె ఒకటిన్నర రెట్లవుతుంది, ప్లింత్ ఏరియా మాత్రం అంగుళం కూడా పెరగదు. లోపల అడ్డగోడలు ఎక్కువైనా అంతే. ఒకే ప్లింత్ ఏరియా ఉన్న రెండు ఇళ్లకు ఒకే మందు సరిపోదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. కాంక్రీటు ఫ్రేము ఇళ్లలో నేల మట్టానికి అరమీటరు కింద నుంచి కాలమ్‌ల చుట్టూ పూడ్చే మట్టికి నిలువు ముఖం కొలతన 7.5 లీటర్లు. పన్నెండు కాలమ్‌లకు 48 లీటర్లు చాలు. ఫుటింగు అడుగున పోయనక్కర్లేదు, దిట్టమైన కాంక్రీటును చెదలు తొలచలేవు. పాత పద్ధతిలో రాతి పునాది వేసేవాళ్లకు మాత్రం ట్రెంచీ అడుగు, పక్కలు అదనంగా లెక్కకొస్తాయి. ఇల్లు పూర్తయ్యాక బయటి చుట్టుకొలత 42 మీటర్ల వెంబడి 30 సెంటీమీటర్ల లోతున రాడ్డు గుంతలు పొడిచి పోసేది 95 లీటర్లు. ఇంటి చుట్టూ రెండున్నర అడుగుల ఏప్రన్ వేస్తే దాని కింద 34 చదరపు మీటర్ల మట్టికి 169 లీటర్లు. అన్నీ కలిపితే 1,173 లీటర్లు. పైపుల చుట్టూ పోసేది ఇంకా కలపలేదు. కొటేషన్ 540 దగ్గరే ఆగిపోయింది. అసలు లెక్కలో ప్లింత్ చదరపు మీటరుకు పడింది 5 లీటర్లు కాదు, పదకొండుకు దగ్గర.

ఇప్పుడు డబ్బాల లెక్క. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ఈసీ మందుతో 1 శాతం ద్రావణం చేయాలంటే ఒక లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు. 1,173 లీటర్లకు 58 లీటర్ల పైచిలుకు మందు కావాలి. 540 లీటర్ల లెక్కకైతే 27 లీటర్లు. 50 శాతం ఈసీ డబ్బా తెస్తే ఒకటికి 49 లీటర్ల నీళ్లు కాబట్టి ఇరవై మూడున్నర లీటర్లు చాలు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్‌సీ అయితే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లే, మొత్తం రెండున్నర లీటర్లలోపు. డబ్బా మీద శాతం చదవకుండా ఎన్ని లీటర్లు తెచ్చారో లెక్కపెట్టి లాభం లేదన్నది దీన్ని బట్టే తెలుస్తుంది. పని చోట తరచు జరిగే ఇంకో పొరపాటు ఇక్కడే దాగుంది. 1 శాతం అనగానే లీటరుకు 10 మిల్లీలీటర్లు కలిపేస్తారు. లెక్క సరైనదే అనిపిస్తుంది, కానీ డబ్బాలో ఉన్నది అసలు మందు కాదు, 20 శాతం మందు. అలా కలిపితే వచ్చేది 0.2 శాతం. కావలసింది 50 మిల్లీలీటర్లు. నీళ్లు సగమే పోసి, అందులో మందు అయిదో వంతే కలిపితే మట్టికి చేరేది పదో వంతు. అటువంటి పనికి పదేళ్ల గ్యారంటీ కాగితం మాత్రం పూర్తి బలంతోనే వస్తుంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది ప్రమాణం మీదే. పుస్తకంలో రాసేవాళ్లు భద్రత కోసం ఎక్కువే రాస్తారని, పనిలో అంత అక్కర్లేదని మేస్త్రీల నుంచి ఇంజినీర్ల దాకా అనేవాళ్లున్నారు. అయితే మనతో సంబంధం లేకుండా అమెరికాలో స్థిరపడ్డ కొలతను మన కొలత పక్కన పెట్టి చూడండి. అక్కడ గచ్చు కింద పది చదరపు అడుగులకు ఒక గాలన్ పోస్తారు. మన లెక్కలో చదరపు మీటరుకు నాలుగు లీటర్ల పైన. గోడ వెంబడి పది అడుగుల పొడవుకు, అడుగు లోతుకు నాలుగు గాలన్లు. అది చదరపు మీటరుకు 16 లీటర్లు, మన 7.5కు రెట్టింపు. గచ్చు కింద రెండు దేశాల కొలతలు దగ్గరగా ఉన్నాయి, గోడ పక్కన వాళ్లది మనకంటే చాలా ఎక్కువ. మన ప్రమాణంలో తగ్గించుకోదగ్గ మిగులు ఉందనుకుంటే అది కనిపించాల్సింది గోడ మూలలో. అక్కడ మనం ఇప్పటికే పొదుపుగా ఉన్నాం.

రెండో అభ్యంతరం కాస్త బరువైనది. మట్టి తాగకపోతే ఏం చేయాలి? దిమ్మిస వేసి, నీళ్లు పెట్టి కూర్చోబెట్టిన పూడిక మీద 5 లీటర్లు పోస్తే పల్లంలోకి పారిపోతుంది. సగం నీళ్లలో రెట్టింపు మందు కలిపి పోస్తే గ్రాముల లెక్క సరిపోతుంది కదా అంటారు. ఈ వాదనలో కొంత నిజం ఉంది. మట్టి పూర్తి పరిమాణాన్ని తీసుకోలేనప్పుడు అమెరికాలో కొన్ని మందుల లేబుళ్లు ఇలాంటి వెసులుబాటు ఇస్తాయి. కానీ అది లేబుల్ మీద రాసి ఉంటేనే, మట్టి నిజంగా తాగని చోటే. మన దగ్గర దీన్ని సాకుగా వాడేది ఎక్కువగా ట్యాంకులు మోయడం తప్పించుకోవడానికి. మట్టి తాగకపోతే మొదట చేయాల్సింది ఆగడం. వాన పడుతున్నప్పుడు, వానకు గానీ ఊటకు గానీ మట్టి తడిసి ఉన్నప్పుడు మందు పోయకూడదన్నది నియమం. పూడికకు పెట్టిన నీళ్లు ఆరడానికి రెండు మూడు రోజులు ఇస్తే, రాడ్డుతో గుంతలు పొడిస్తే, ఒక్కసారిగా గుమ్మరించకుండా రోజ్‌ క్యానుతో రెండు విడతలుగా పోస్తే మొరం పూడిక 5 లీటర్లు తాగుతుంది. నల్లరేగడి మట్టితోనే పూడ్చిన చోట ఇది కష్టమే. ఆ మట్టి తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది, ఎండితే పగుళ్లిచ్చి ఎంత పోసినా ఒకే చోట మింగేస్తుంది. కానీ రేగడితో పూడ్చకూడదనడానికి చెదలకంటే పెద్ద కారణాలు ఎలాగూ ఉన్నాయి.

మూడోది విషం సంగతి. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. మన ఇంటి లెక్క ప్రకారం 1,173 లీటర్ల 1 శాతం ద్రావణం అంటే దాదాపు 12 కిలోల క్లోర్‌పైరిఫాస్ ఒక ఇంటి కింద మట్టిలోకి వెళ్తుంది. 2000లో కుదిరిన ఒప్పందంతో అమెరికా ఈ మందును ఇళ్ల వాడకం నుంచి దశలవారీగా తప్పించింది. ఆవరణలో తాగునీటి బావి ఉన్నవాళ్లు, బోరు కేసింగు చుట్టూ సీలు సరిగ్గా లేనివాళ్లు భయపడటంలో అర్థం ఉంది. ఆ భయానికి సరైన జవాబు మందు మార్చుకోవడం, బావి పక్కన పోయకుండా వదలడం. నీళ్లు తగ్గించడం కాదు. అరకొరగా పోసిన ఇంట్లో నాలుగేళ్లకు చెదలు లేస్తే అప్పుడు చేసే పని ఏమిటి? గచ్చు, గోడ కలిసే చోట అడుగుకొకటి చొప్పున డ్రిల్లుతో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, ఒక్కోదాంట్లో లీటరు దాకా మందు ఎక్కించడం. మనుషులు పడుకునే గదిలో, వంటింట్లో, టైల్స్ పగలగొట్టి. పిల్లలున్న ఇంట్లోకి మందు తెచ్చేది ఆ రెండో విడతే. పైగా 5, 7.5 అన్నవి కనీసాలే కాదు, అంతకు మించి పోయనక్కర్లేదన్న హద్దులు కూడా. ‘గట్టిగా పనిచేయాలి’ అని రెట్టింపు పోయించుకునే యజమానులకూ ఈ లెక్క పనికొస్తుంది.

ఇంకోటి కూడా వినిపిస్తుంటుంది: ఇప్పుడు ఇళ్లలో కలప ఎక్కడుంది, గ్రానైట్ నేల, యూపీవీసీ కిటికీలు, ఇక చెదలకు తినడానికేముంది? ప్లైవుడ్ వార్డ్‌రోబులు, మాడ్యులర్ వంటింటి వెనక పలకలు, పుస్తకాల అరలు, అటక మీద అట్టపెట్టెలు చూసిన తర్వాత కూడా ఈ మాట అనేవాళ్లతో వాదన పెట్టుకోవడం దండగ.

పని సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పూడిక మీద ముగ్గుతో మీటరుకు మీటరు చదరం గీసి, కొలిచిన 5 లీటర్లు అందులోనే పోయించండి. క్లోర్‌పైరిఫాస్ ఈసీ నీళ్లలో పడగానే పాలలా తెల్లబడుతుంది. అలా కాకుండా పలచగా, నీళ్ల రంగులోనే ఉంటే కలిపిన పాళ్లు అడగాల్సిందే. అరగంట ఆగి ఆ చదరంలో ఒక మూల, మొహం మీద చిందకుండా, చేతికి తొడుగు వేసుకుని, తాపీతో గీకి చూస్తే తడి ఎంత లోతు దిగిందో కనిపిస్తుంది. తర్వాత మిగిలిన గచ్చులో పనివాళ్లు వెళ్లిన చోట అదే తడి ఉందో లేదో కంటితోనే పోల్చుకోవచ్చు. రెండో పరీక్ష సమయం. 465 లీటర్లంటే 16 లీటర్ల ట్యాంకులు 29. ఒక మనిషి ఒక స్ప్రేయరుతో వచ్చి గంటలో గచ్చు ముగించి వెళ్లాడంటే ఎన్ని ట్యాంకులు నింపుకున్నాడో లెక్కపెట్టుకోండి. మూడోది సీలు డబ్బాలు: మీ ముందే విప్పాలి, ఖాళీ డబ్బాలు పని పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలి. లెక్క అయ్యాక వాటిని చిల్లులు పొడిచి పారేయాలి, నీళ్లు పట్టుకోవడానికి ఎవరింటికీ పోనివ్వకూడదు.

అన్ని లీటర్లూ సరిగ్గా పోసిన తర్వాత కూడా ఆ పొర పగిలేది మనవాళ్ల చేతుల్లోనే. చెదల మందు కొట్టిన మర్నాడు ప్లంబరు వచ్చి బాత్రూము డ్రెయినేజీ పైపు కోసం గచ్చు మధ్యలో గాడి తవ్వుతాడు. ఆ గాడి వెంబడి పొర లేనట్టే. తవ్విన మట్టిని తిరిగి కప్పితే మందు పట్టిన మట్టి అడుగుకు, పట్టని మట్టి పైకి చేరుతుంది. పైపు పక్కన వదులు మట్టి, అందులో తేమ, చెదలకు అంతకంటే మంచి దారి దొరకదు. పైపులన్నీ వేసి, వాటి చుట్టూ పూడ్చి, ఆ తర్వాతే పూడిక పైభాగానికి మందు పోయాలి. తప్పనిసరై తవ్వితే తవ్విన మేర మళ్లీ పోయించాలి. ఇది రాతలో లేకపోతే ప్లంబరు కాంట్రాక్టరు మీద, కాంట్రాక్టరు ప్లంబరు మీద నెట్టుకుంటారు.

ఇక కొటేషన్ ఎలా రాయించుకోవాలన్నది మిగిలింది. చదరపు అడుగు రేటు ఉండనివ్వండి, దానికి అడ్డు చెప్పనక్కర్లేదు. దాని కింద దశల వారీగా లీటర్లు రాయించండి: కాలమ్‌ల దగ్గర 48, గోడ మూలల్లో 396, పూడిక మీద 465, బయటి చుట్టుకొలతకు 95, ఏప్రన్ కింద 169. పక్కన మందు పేరు, శాతం, డబ్బాల లెక్క. ఈ అయిదింటిలో చివరి రెండూ మొదటి మూడింటికి నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది తర్వాత జరిగేవి. పెయింటింగ్ అయిపోయి, బయటి మట్టి సర్దిన తర్వాత మందువాళ్లు మళ్లీ రావాలి. అప్పటికి డబ్బంతా చెల్లించేసి ఉంటే వాళ్లు రారు, పిలవాలని మనకూ గుర్తుండదు. ఆ రెండు దశలూ కలిపి 264 లీటర్లు, మొత్తంలో అయిదో వంతుకు మించి. బిల్లులో కూడా అంత వంతు ఆపి ఉంచితే గృహప్రవేశం అయ్యాక వాళ్లే ఫోన్ చేసి వస్తారు.